కొత్త కుర్రాడికి మొదటి వారం ఏం నేర్పాలి, గల్లాపెట్టె ఎప్పుడు అప్పగించాలి?

ప్రశ్న:

నమస్తే అండీ. గుంటూరు బ్రాడీపేటలో మాకు చిన్న కిరాణా, జనరల్ షాపు ఉంది. నేనూ మావారూ చూసుకుంటాం. ఆయన పొద్దున్నే పట్నంబజారుకి సరుకు కోసం వెళ్తే నేనొక్కదాన్నే అయిపోతున్నానని పోయిన నెల పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి పెట్టుకున్నాం. మొదటి రోజు నుంచే కౌంటర్‌లో నిలబెట్టాం. ఐదో రోజు రాత్రి గల్లాలో 700 రూపాయలు తగ్గాయి. మావారు గట్టిగా అడిగారు. మర్నాటి నుంచి అతను రాలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. వచ్చే సోమవారం ఇంకో అబ్బాయి చేరుతున్నాడు. ఈసారి ఏ రోజు ఏం నేర్పాలో, డబ్బు ఎప్పుడు చేతికివ్వాలో ఒక చెక్‌లిస్ట్‌లా చెప్పండి. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

అమ్మా, ముందు ఒక్క మాట అడుగుతాను. ఆ రాత్రి మీరు గల్లాలో ఉన్న నగదు ఒక్కటే లెక్కపెట్టారా, లేక ఆ రోజు ఫోన్ ద్వారా వచ్చిన డబ్బు మొత్తం కూడా చూశారా? ఎందుకు అడుగుతున్నానో మా షాపులో జరిగింది చెప్తే మీకే తెలుస్తుంది.

విజయవాడ సత్యనారాయణపురంలో మాది కిరాణా షాపు. కొన్నేళ్ళ కిందట ఒక అమ్మాయి పనిలో చేరింది. నాలుగో రోజు రాత్రి లెక్క చూస్తే ఆ రోజు అమ్మకం మొత్తం 18,460 రూపాయలు. బిల్లింగ్ మిషన్ చెప్పిన ప్రకారం అందులో నగదు 7,370, ఫోన్‌లో వచ్చింది 9,850, అప్పు రాసింది 1,240. పొద్దున చిల్లర కోసం గల్లాలో 2,000 పెట్టాను. టీలకీ, ఆటోకీ కలిపి 160 తీశాం. అంటే రాత్రికి గల్లాలో 2,000కి 7,370 కలిపి 160 తీసేస్తే 9,210 ఉండాలి. లెక్కపెడితే 8,570 ఉంది. 640 రూపాయలు తక్కువ. నేను వెంటనే ఆ అమ్మాయినే అడిగాను. ఆమె ఏమీ చెప్పలేక నిలబడిపోయింది.

ఆమె వెళ్ళిపోయాక యూపీఐ యాప్ తెరిచి ఆ రోజు మొత్తం చూశాను. మిషన్ 9,850 అంటుంటే యాప్‌లో 10,490 పడి ఉంది. అక్కడ సరిగ్గా 640 ఎక్కువ. యాప్‌లో పైకి జరుపుకుంటూ పోతే రాత్రి 7:12కి ఒకే ఆసామి నుంచి 640 వచ్చింది. బిల్లుల్లో చూస్తే 7:10కి 640 బిల్లు ఒకటి నగదు కింద కొట్టి ఉంది. నూనె ప్యాకెట్లు, కందిపప్పు, సబ్బులు. మర్నాడు అడిగితే అమ్మాయికి గుర్తొచ్చింది. ఆయన ఐదొందల నోటు, రెండొందల నోటు చాపాడు. ఈమె నగదు అని నొక్కి బిల్లు తీసేసింది. ఈలోపు ఆయన "ఉండమ్మా, ఇవి ఇంట్లోకి కావాలి, ఫోన్‌పే చేస్తాలే" అని నోట్లు వెనక్కి తీసుకున్నాడు. వెనక ముగ్గురు నిలబడి ఉన్నారు. అంతే. షాపు డబ్బు ఒక్క రూపాయి ఎటూ పోలేదు, ఒక జేబులో పడాల్సింది ఇంకో జేబులో పడింది. కానీ నేను ముందే అడిగేశాను కదా, ఆ అమ్మాయి ఆ నెలాఖరుకి మానేసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే మొదటి వారం గురించి నేను చెప్పేదంతా ఈ ఒక్క లెక్క చుట్టూనే ఉంటుంది. కొత్తవాళ్ళు తప్పులు చేస్తారు. తప్పు జరిగిన రోజే, ఏ బిల్లు దగ్గర జరిగిందో దొరికేలా పని పద్ధతి ఉండాలి. అలా ఉండాలంటే డబ్బు ముట్టుకునే ముందు అబ్బాయికి సరుకు తెలియాలి, తూకం తెలియాలి, బిల్లు తెలియాలి. మీరు ఈ మూడూ డబ్బుతో పాటు ఒకే రోజు నెత్తిన పెట్టారు. అతని స్థానంలో ఎవరున్నా తడబడతారు.

చేరే ముందు రోజే అబ్బాయిని, వీలైతే వాళ్ళ ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి జీతం ఎంత, ఏ తారీఖున ఇస్తారు, ఎన్నింటికి రావాలి, భోజనానికి ఎంతసేపు, వారంలో సెలవు ఏ రోజు అన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఆధార్ జిరాక్స్, ఇంట్లోవాళ్ళ నంబరు తీసుకుంటే చాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ దగ్గర పెట్టుకోవద్దు. ఆ కాగితంలోనే ఇంకో ముక్క చేర్చండి: "లెక్క తేడా వస్తే ఆ రాత్రే ఇద్దరం కలిసి చూస్తాం. మొదటి నెలలో తేడా వచ్చిందని జీతంలో కోత ఉండదు." ఇది రాయకపోతే కొత్త కుర్రాడు తప్పు చేశానని తెలిసినా చెప్పడు. తన జేబులోంచి వంద వేసి సరిచేస్తాడు, లేదా ఇంకో బిల్లులో సర్దుతాడు. అప్పుడు అసలు తప్పు మీకు ఎప్పటికీ దొరకదు.

సోమవారం అబ్బాయికి అమ్మకం వద్దు. సర్దుడు పని పెట్టండి. ఒక అర మొత్తం ఖాళీ చేయించి, తుడిపించి, మళ్ళీ పెట్టించండి. పాతది ముందుకు, కొత్తది వెనక్కి. ప్రతి ప్యాకెట్ మీదా తారీఖు చదివించండి. సబ్బుల అర, బిస్కెట్ల అర, పప్పుల అర ఇలా మూడు సర్దితే మీరు నోటితో వారం చెప్పినా రాని సరుకు పరిచయం ఒక్కరోజులో వస్తుంది. సాయంత్రం బేరాలు మొదలయ్యే ముందు ఇరవై వస్తువుల పేర్లు మీరు వరసగా చెప్పండి, అతను వెళ్ళి తెచ్చి చూపించాలి. పదిహేనుకు పైగా తడుముకోకుండా తెస్తే మంగళవారం ముందుకు వెళ్ళొచ్చు. లేకపోతే మంగళవారం కూడా సర్దుడే. ఇందులో తొందరపడొద్దు, ఎందుకంటే కౌంటర్‌లో నిలబడ్డాక వస్తువు కోసం వెతుక్కునేవాడు డబ్బు దగ్గర కంగారుపడతాడు.

రెండో రోజు కాటా. చాలామంది దీన్ని పది నిమిషాల్లో చెప్పేస్తారు. నేను పూటంతా పెడతాను. లూజు సరుకులో పోయే డబ్బు గల్లాలో తేడాగా కనపడదు, సంచి ఖాళీ అయ్యాకే తెలుస్తుంది.

ముఖ్యంగా చూపించాల్సింది గిన్నె బరువు. పప్పు తూచే స్టీలు గిన్నె 180 గ్రాములు ఉందనుకోండి. గిన్నె పెట్టి, టేర్ బటన్ నొక్కితే కాటా సున్నా చూపిస్తుంది. అప్పుడు పప్పు పోయాలి. బాగానే ఉంది. తర్వాతి బేరానికి అబ్బాయి గిన్నె పక్కన పెట్టి కవర్లోనే తూస్తాడు. గిన్నె తీయగానే కాటా మైనస్ 180 చూపిస్తుంది, కానీ అతను చూడడు. అక్కడ అర కిలో కనపడేదాకా పోస్తూ పోతే కవర్లోకి 680 గ్రాములు వెళ్తుంది. రోజుకి పదిసార్లు ఇలా జరిగితే దాదాపు రెండు కిలోల పప్పు పోయినట్టే. ఇది తిరగేసి జరిగితే, అంటే సున్నా చేయకుండా గిన్నెతో తూస్తే, కొనుక్కునేవాళ్ళు నష్టపోతారు. వాళ్ళు మళ్ళీ రారు, ఎందుకు రాలేదో మీకు చెప్పరు. కాబట్టి నియమం ఒక్కటే: ప్రతి తూకానికి ముందు కాటా మీద సున్నా ఉందో లేదో పైకి చదవాలి. "సున్నా" అని నోటితో అనాలి. మొదటి వారం అలా అననివ్వండి, తర్వాత కళ్ళకే అలవాటవుతుంది.

ఇంకొకటి, కాటా మీద అతికించిన పట్టీ చదివించండి. మన షాపుల్లో ఎక్కువగా ఉండే 30 కిలోల కాటాకి 5 గ్రాముల మెట్టు, కనీసం 100 గ్రాములు అని ఉంటుంది. అంటే వంద గ్రాముల లోపు దాని మీద తూచకూడదు. యాలకులు కిలో మూడు వేలు అనుకుంటే 5 గ్రాముల తేడా 15 రూపాయలు. యాలకులు, లవంగాలు, కుంకుమపువ్వు లాంటివి చిన్న కాటా మీదే తూచాలి, చిన్న కాటా లేకపోతే మీరే పొట్లాలు కట్టించి పెట్టుకోండి. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన కాగితం గోడకి ఉంటుంది కదా, అది ఏ తారీఖు వరకో కూడా అబ్బాయికి చూపించండి. పొద్దున్నే ఒక అర కిలో రాయి పెట్టి కాటా సరిగా చూపిస్తోందా అని చూడడం అతని పనిగా పెట్టండి.

మూడో రోజు, నాలుగో రోజు బిల్లు. మూడో రోజు పక్కన నిలబడి సంచిలో సర్దుతూ చూడడమే. నాలుగో రోజు బిల్లు అతను కొడతాడు, డబ్బు మీరు తీసుకుంటారు. ఇక్కడ తప్పు జరిగే చోటు ఒకటే ఉంది. కంపెనీ రేటు మార్చినప్పుడు పాత ప్యాకెట్టుకీ కొత్త ప్యాకెట్టుకీ బార్‌కోడ్ ఒకటే ఉంటుంది, ఎంఆర్‌పీ మాత్రం వేరు. స్కాన్ చేయగానే మిషన్ రెండు రేట్లు చూపిస్తుంది, లేదా తనంతట తానే కొత్త రేటు తీసేసుకుంటుంది. అబ్బాయి చేతిలో ఉన్న ప్యాకెట్టు మీద రేటు చదివి అది ఎంచుకోవాలి. ప్యాకెట్టు మీద ఉన్న ఎంఆర్‌పీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా చట్టప్రకారం తప్పే, పరువు తక్కువ కూడా. రెండు రేట్లున్న సరుకు పేర్లు ఒక చీటీ మీద రాసి మిషన్ పక్కన అతికించండి. మామూలుగా ఏడెనిమిదికి మించి ఉండవు.

ఇప్పుడు మీరు అసలు అడిగిన ప్రశ్న, డబ్బు. శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, బేరాలు పల్చగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండగా ఇవ్వండి. శనివారం రెండు పూటలా పల్చని టైములోనే. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు రద్దీలో మాత్రం మొదటి వారమే కాదు, రెండో వారం సగం దాకా కూడా ఒంటరిగా వదలొద్దు.

డబ్బు తీసుకునే వరస ఎప్పుడూ ఒకేలా ఉండాలి. వెనక ఎంతమంది నిలబడ్డా, ఎవరు తొందరపెట్టినా మారకూడదు. ముందు మొత్తం పైకి చెప్పాలి: "మూడొందల అరవై మూడండీ." తర్వాత అడగాలి: "క్యాషా, ఫోనా?" క్యాష్ అయితే నోటు తీసుకుని "ఐదొందలు ఇచ్చారండీ" అని మళ్ళీ పైకి చెప్పాలి. ఆ నోటు గల్లాలో వేయకూడదు. కౌంటర్ మీద, కాటా రాయి కిందో డబ్బా కిందో అందరికీ కనపడేలా పెట్టాలి. చిల్లర ఇచ్చి, వాళ్ళు తీసుకున్నాకే నోటు లోపలికి వెళ్ళాలి. "నేనిచ్చింది ఐదొందలు, నువ్వు రెండొందలకే చిల్లరిచ్చావు" అని ఎవరైనా అంటే నోటు అక్కడే ఉంటుంది, గొడవ అక్కడే ఆగిపోతుంది. గల్లాలో వేసేశాక ఇక మాట మీద మాటే.

చిల్లర తీసివేత చేసి ఇవ్వనివ్వద్దు. మన పాతకాలం కొట్లలో లెక్కపెట్టినట్టు బిల్లు నుంచి పైకి ఎక్కాలి. 363కి ఐదొందల నోటు ఇచ్చారు. రెండు రూపాయలు పెడుతూ "అరవై ఐదు", ఐదు పెడుతూ "డెబ్బై", మూడు పదులు పెడుతూ "నాలుగొందలు", వంద పెడుతూ "ఐదొందలు". ఇచ్చింది 137, కానీ అబ్బాయి ఆ అంకె బుర్రలో లెక్కగట్టనే లేదు. అవతలివాళ్ళకి కూడా చూస్తుండగానే లెక్క సరిపోతుంది. గురువారం ఖాళీ టైములో మీరిద్దరే కూర్చుని ఇరవై బిల్లులకి ఇలా ఉత్తుత్తి చిల్లర ఇప్పించండి. నా అనుభవంలో ఇరవై దాటేసరికి చేయి తిరుగుతుంది.

నోట్ల సంగతి రెండు ముక్కల్లో. ఐదొందల నోటు వంచి చూస్తే మధ్యలో దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. పది రూపాయల నాణేలు ఏ డిజైనువైనా చెల్లుతాయి, వద్దనొద్దని చెప్పండి. రెండు వేల నోటు ఎవరైనా తెస్తే మిమ్మల్ని పిలవాలి, అది ఇప్పుడు మామూలు బ్యాంకులో వేసుకోలేం.

ఇక ఫోన్ డబ్బులు. కొనుక్కునేవాళ్ళ ఫోన్‌లో ఆకుపచ్చ టిక్కు చూసి సరుకు ఇవ్వకూడదు. ఆ టిక్కు బొమ్మ చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి, నిన్నటి స్క్రీన్‌షాట్ చూపించేవాళ్ళూ ఉన్నారు. మన సౌండ్ బాక్స్ ఎంత పడిందో చెప్పాలి, లేదా మన షాపు ఫోన్‌లో కనపడాలి. బాక్స్ మాట వినపడితే సరిపోదు, అంకె వినాలి. 640 బిల్లుకి 64 కొట్టి వెళ్ళిపోయినవాళ్ళని చూశాను, పాపం వాళ్ళకీ తెలియదు. కరెంటు పోయి బాక్స్ మూగబోతే షాపు ఫోనే దిక్కు. కాబట్టి ఆ ఫోన్ మీవారితో పాటు పట్నంబజారు వెళ్ళకూడదు, షాపులోనే ఉండాలి. లేదా అబ్బాయి చూడడానికి వీలుగా, డబ్బు పంపే అవకాశం లేకుండా రాబడి మాత్రమే కనపడే లాగిన్ ఇవ్వండి. షాపుల యాప్‌లు చాలావాటిలో ఉద్యోగుల కోసం అలాంటిది ఉంటుంది.

వాళ్ళ ఖాతాలో కట్ అయి మనకి రాలేదంటే అబ్బాయి తేల్చకూడదు. బిల్లు నంబరు, వాళ్ళ ఫోన్ నంబరు రాసుకుని మీకు ఫోన్ చేయాలి. తెలిసినవాళ్ళయితే సరుకు ఇవ్వమని మీరు చెప్తారు. షాపుకి చేరని డబ్బు ఐదు రోజుల్లోపు వాళ్ళ ఖాతాకే వెనక్కి వెళ్ళాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఇది కూడా అబ్బాయికి చెప్పి ఉంచితే కంగారు లేకుండా వాళ్ళకి చెప్పగలుగుతాడు. అలాగే "పొరపాటున రెండు వేలు కొట్టాను, తిరిగి పంపు" అని ఎవరు అడిగినా తన ఫోన్ నుంచి గానీ షాపు ఫోన్ నుంచి గానీ పంపకూడదు. "కంపెనీ నుంచి వచ్చాం, కొత్త స్కానర్ అతికిస్తాం" అంటే అతికించనివ్వకూడదు. పొద్దున షాపు తెరవగానే స్కానర్‌ని తన ఫోన్‌తో స్కాన్ చేసి మీ షాపు పేరే వస్తోందా అని చూడడం అతని మొదటి పని. రాత్రికి రాత్రి పైన ఇంకొకరి స్టిక్కర్ అతికించి పోతే రోజంతా డబ్బు వాళ్ళకే వెళ్తుంది.

డబ్బు చేతికి వచ్చాకే, లేదా బాక్స్‌లో అంకె విన్నాకే బిల్లులో క్యాష్ అనో ఫోన్ అనో నొక్కాలి. మా అమ్మాయి దగ్గర తప్పు జరిగింది సరిగ్గా ఇక్కడే. చాలా మిషన్లలో ఏమీ నొక్కకుండా ఎంటర్ కొడితే క్యాష్ కిందే పడిపోతుంది, అది గుర్తుంచుకోండి.

అప్పు విషయంలో మొదటి వారం అబ్బాయి ఎవరికీ రాయకూడదు. బ్రాడీపేట లైన్లలో పాతికేళ్ళుగా మీ దగ్గరే కొనేవాళ్ళుంటారు, "రాసుకో బాబూ" అని వెళ్ళిపోతారు, వాళ్ళని ఆపితే నొచ్చుకుంటారు. అందుకే మీరే వాళ్ళకి ముందుగా చెప్పండి, కొత్త అబ్బాయి వచ్చాడు, వారం రోజులు నాకు ఫోన్ చేసి రాస్తాడు అని. మాట మీ నోటి నుంచి వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు.

రాత్రి లెక్క అబ్బాయి ఉండగానే చేయాలి, అతను వెళ్ళాక కాదు. పది నిమిషాల పని. నోట్లు అతను లెక్కపెడతాడు, మీరు మళ్ళీ లెక్కపెడతారు. మూడు జతల అంకెలు పక్కపక్కన రాయండి: గల్లాలో ఉండాల్సింది, ఉన్నది, ఫోన్‌లో మిషన్ చెప్పింది, యాప్ చెప్పింది, అప్పు మిషన్‌లో ఎంత, పుస్తకంలో ఎంత. మీది మిషన్ కాక చేతి బిల్లు పుస్తకమైతే ప్రతి బిల్లు మూలనా క్యాష్‌కి క, ఫోన్‌కి ఫో, అప్పుకి అ అని రాయించండి, పని అదే.

తేడా వస్తే ఆ అంకే చాలావరకు దారి చూపిస్తుంది. గల్లాలో తగ్గింది, ఫోన్‌లో అంతే పెరిగింది అంటే నొక్కుడులో తప్పు, డబ్బు పోలేదు. గల్లాలో సరిగ్గా 300 తగ్గితే రెండొందల నోటుని ఐదొందలనుకుని చిల్లరిచ్చి ఉంటాడు. 400 తగ్గితే వంద నోటుని. యాప్‌లో తగ్గి, గల్లా సరిగా ఉంటే ఎవరిదో పడకుండానే పడిందనుకున్నారు. ఆ బిల్లు టైము చూసి, షాపులో కెమెరా ఉంటే చూడండి. గల్లాలో ఏదో ఒక బిల్లు మొత్తం అంత తగ్గితే అప్పు రాయకుండా క్యాష్ కొట్టి ఉంటారు, లేదా వస్తువు వెనక్కి తీసుకుని డబ్బిచ్చి బిల్లు రద్దు చేయడం మరిచిపోయి ఉంటారు. పది, పదిహేను రూపాయల తేడా చిల్లర సర్దుబాటు, దాని గురించి మాట్లాడకండి, రాసి వదిలేయండి. పెరిగితే సంతోషించొద్దు, తగ్గినంత శ్రద్ధగానే వెతకండి. ఎవరికో చిల్లర తక్కువ వెళ్ళి ఉంటుంది.

ఈ లెక్కకి దొరకనిది ఒకటుంది. బిల్లే కొట్టకుండా సరుకు ఇచ్చి డబ్బు జేబులో వేసుకుంటే మూడు జతలూ సరిపోతాయి. దానికి మనిషిని అనుమానంగా చూడక్కర్లేదు, సరుకు లెక్కపెడితే చాలు. రోజూ ఐదు రకాలు ఎంచుకోండి, త్వరగా కదిలేవి, ఖరీదైనవి: నూనె ప్యాకెట్లు, నెయ్యి, కాఫీ పొడి, డైపర్లు, బాదం. పొద్దున ఎన్ని, మధ్యలో ఎన్ని వచ్చాయి, బిల్లుల్లో ఎన్ని పోయాయి, రాత్రి ఎన్ని ఉన్నాయి. నెయ్యి పొద్దున 24 సీసాలు, బిల్లుల్లో 5 పోయాయి, అరలో 19 ఉండాలి. 18 ఉంటే వెతకండి. పగిలిందేమో, మీరే ఇంట్లోకి తీసుకెళ్ళి రాయలేదేమో. చిన్న షాపుల్లో లెక్క తప్పేది ఎక్కువగా మనం ఇంట్లోకి తీసుకెళ్ళినవాటి దగ్గరే. మీరూ మీవారూ కూడా వారం రోజులు ఏది తీసినా రాయండి. అబ్బాయి చూస్తుండగా రాస్తే వంద మాటలు చెప్పక్కర్లేదు.

చెక్‌లిస్ట్ అన్నారు కదా, అది ఒక కాగితానికి ఒకవైపే సరిపోవాలి, తెలుగులో, మీ చేతిరాతతో. "తూకం వచ్చు" అని రాయకండి. చేసి చూపించగలిగింది రాయండి. నేను వాడే కాగితంలో ముఖ్యమైనవి ఇవి:

ఇరవై వస్తువులు అడిగితే పదిహేనుకు పైగా తడుముకోకుండా తెచ్చాడు.
గిన్నెతో, గిన్నె లేకుండా 250 గ్రాములు మూడేసి సార్లు తూచి చూపించాడు, ప్రతిసారీ సున్నా చదివాడు.
రెండు ఎంఆర్‌పీలున్న సరుకులో సరైన రేటు ఎంచుకున్నాడు.
ఇరవై ఉత్తుత్తి బిల్లులకి పైకి లెక్కపెట్టి చిల్లర ఇచ్చాడు.
నోటు బయట ఉంచి చిల్లర ఇవ్వడం పది బేరాల్లో ఒక్కసారి కూడా మరవలేదు.
ఫోన్ డబ్బు అంకె విని, ఆ తర్వాతే బిల్లు ముగించాడు.
రాత్రి లెక్క మూడు జతల అంకెలూ తనే రాశాడు.

ప్రతి వాక్యం ఎదుట తారీఖు, అతని సంతకం, మీ సంతకం. ఒకటి రాకపోతే ఆ గడి ఖాళీగా ఉంచి మర్నాడు మళ్ళీ చేయించండి. రోజుల కోసం కాకుండా గడుల కోసం ఆగండి. కొందరికి నాలుగు రోజుల్లో వస్తుంది, మా షాపులో ఇప్పుడున్న అబ్బాయికి పన్నెండు రోజులు పట్టింది. గల్లా తాళం ఇప్పుడు అతని దగ్గరే ఉంటుంది.

ఆదివారం మీ షాపు పూట తెరుస్తారో మూస్తారో నాకు తెలియదు గానీ, వారంలో అతనికి రాసిచ్చిన సెలవు మాత్రం మొదటి వారంలోనే ఇవ్వండి. "ఈ ఒక్క వారం రా" అనొద్దు. సెలవుకి ముందు రాత్రి ఆ కాగితం ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. ఏది కష్టంగా ఉందో అడగండి. "సాయంత్రం అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే మొత్తం చెప్పడం మర్చిపోతున్నా" లాంటి మాట ఏదో చెప్తాడు. అది విని కౌంటర్ ముందు ఒకరి తర్వాత ఒకరు నిలబడేలా సబ్బుల స్టాండు అర అడుగు జరిపితే తీరిపోయే పని కావచ్చు.

ఇక మొదట అడిగిన సంగతి. సోమవారం లోపు ఆ పాత అబ్బాయి ఐదో రోజు తారీఖు తీసి, మిషన్‌లో ఫోన్ కింద పడిన మొత్తమూ, యూపీఐ యాప్‌లో ఆ రోజు మొత్తమూ పక్కపక్కన పెట్టి చూడండి. పోయిన నెల లెక్క యాప్‌లో ఇంకా ఉంటుంది. యాప్‌లో 700 ఎక్కువ కనపడితే, లేదా ఒకటి 300, ఒకటి 400 నోట్ల తేడాగా మీకు అర్థమైతే, మీవారి చేత ఆ అబ్బాయి ఇంటికి ఫోన్ చేయించండి. అతను ఎత్తకపోతే వాళ్ళ నాన్నతోనైనా మాట్లాడి, లెక్క దొరికింది, మీవాడి తప్పేం లేదని చెప్పించండి. ఆ ఐదు రోజుల జీతం ఇంకా ఇచ్చి ఉండకపోతే అది కూడా పంపించండి. లెక్క దొరకకపోయినా జీతం పంపాల్సిందే.